మ్యాకదోని శాసనము ఏ సంపుటమున ఉన్నది?

కర్నూలు జిల్లా పశ్చిమ భాగమున, ఆదోని, ఎమ్మిగనూరు పట్టణములకు పొరుగున ఉన్న చిన్నకడబూరు, మ్యాకదోని గ్రామముల పరిసరములలో ఒక పెద్ద గుండు కలదు. దానిమీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో కొన్ని పంక్తులు చెక్కబడియున్నవి. సాతవాహన రాజైన సిరి పుళుమావి పాలనలో 8వ సంవత్సరమున, హేమంత ఋతువు రెండవ పక్షమున, మొదటి దినమున, సాంబుడను గృహస్థు ఒక చెరువు త్రవ్వించెనని ఆ పంక్తుల సారాంశము. చెరువున్న ఊరు వేపురకము. ఆ ఊరు కుమారదత్తుడను అధికారి చేతిలో నుండెను. ఆ దేశభాగమునకు సాతవాహనిహారమని పేరు; దానిపై మహాసేనాపతి స్కందనాగుడు. ఈ పుళుమావి సాతవాహన వంశపు చివరి రాజులలోనివాడనియు, శాసన కాలము క్రీస్తు శకము 3వ శతాబ్ది ఆరంభమనియు చరిత్రకారులు సాధారణముగా భావింతురు.

వానకు ఆకాశమువైపు చూచు ఈ సీమలో పదునెనిమిది వందల యేండ్లకు పూర్వము ఒక సామాన్య గృహస్థు చెరువు త్రవ్వించెననుట చిన్న సంగతి కాదు. ఈ ప్రాంతపు పాఠశాలలో చదువు బాలుడు తన సీమ చరిత్ర వ్రాయదలచినచో మొట్టమొదట వ్రాయవలసిన వాక్యము ఇదియే. కాని ఆ వాక్యము క్రింద ఆధారమును చూపవలెను గదా! ఆ శాసనము అచ్చులో ఎక్కడ ఉన్నది? ఏ గ్రంథమున, ఏ సంపుటమున, ఏ పుటలో? ఈ ప్రశ్నతోనే చిక్కు మొదలగును.

పేరు లేని సంపుటము

కర్నూలు జిల్లా శాసనములని పేరున్న పుస్తకమునకై వెదకిన ఈ శాసనము దొరకదు. మ్యాకదోని అను పేరుతో గ్రంథాలయపు పట్టికలో వెదకినను దొరకదు. అది ఎపిగ్రాఫియా ఇండికా అను శాసన పత్రికలో, 14వ సంపుటమున, 153వ పుట మొదలుకొని ప్రకటింపబడినది. దానిని చదివి ప్రకటించినవారు విష్ణు సీతారాం సుక్‌థంకర్. వ్యాసమునకు వారిడిన పేరులో సిరి పుళుమావి పేరున్నది, ఆంధ్ర శాసనమను మాట యున్నది. మ్యాకదోని పేరు మాత్రము లేదు. కావున వ్యాసపు శీర్షికలలో ఊరి పేరు వెదకువానికి నిరాశయే మిగులును. ఊరి పేరు వ్యాసము లోపల ఉన్నది. సంపుటము చివరనుండు అకారాది సూచిక చూచినవానికి మాత్రమే అది చిక్కును.

ఎపిగ్రాఫియా ఇండికా సంపుటములకు ప్రత్యేకమైన పేర్లు లేవు. సంపుటసంఖ్య, దాని ప్రక్కన రెండు సంవత్సరములు, అంతే. ఈ 14వ సంపుటము 1917-18 సంవత్సరములది. ఒకే సంపుటమునకు రెండు సంవత్సరములేల? మూడు నెలలకొక భాగము చొప్పున విడుదలయై, రెండేండ్ల భాగములు ఎనిమిది కలిసి ఒక సంపుటమగునట్లు ఏర్పాటు చేయబడినది. కావున ఆ సంవత్సరములు సంపుటమునకు గుర్తులే కాని అందలి ప్రతి పుటయు ఆ యేడే అచ్చయినదనుటకు నిదర్శనములు కావు. పురావస్తు శాఖవారు తరువాతి కాలమున ఈ సంపుటములను పునర్ముద్రించిరి. పునర్ముద్రణ ప్రతిని చేతబట్టుకొన్న విద్యార్థి దానిపై కనబడిన క్రొత్త సంవత్సరమునే వ్రాసికొని, సుక్‌థంకర్ ఆ యేట ఈ శాసనమును చదివిరని భ్రమపడుట కద్దు. సుక్‌థంకర్ 1943లోనే కీర్తిశేషులైరి. మరణించినవారిచేత వ్యాసము వ్రాయించుట ఈ విధముగా జరుగుచుండును.

ఇందులో రెండవ పొరపాటు సంపాదకుని గూర్చినది. 14వ సంపుటపు ముఖపత్రముపై ఉన్న పేరు సుక్‌థంకర్‌ది కాదు, ఎఫ్. డబ్ల్యు. థామస్‌ది. థామస్ సంపుటమునకు సంపాదకుడు. అనేకులు వ్రాసిన వ్యాసములను పరిశీలించి, వరుసపరచి, అచ్చువేయించినవాడు. పుళుమావి శాసనమును చదివినవాడు, పాఠమును నిర్ణయించినవాడు సుక్‌థంకర్. ముఖపత్రమును మాత్రమే చూచి, మ్యాకదోని శాసనమును థామస్ పరిష్కరించెనని వ్రాసినచో ఒకరి శ్రమ మరియొకరి లెక్కలో చేరును. సుక్‌థంకర్ పేరు మాత్రమే వ్రాసి థామస్‌ను విడిచినచో అంత అపచారము లేదు; ఏలయన సంపుటసంఖ్య దానిని పట్టియిచ్చును. కాని సంపుటసంఖ్యను విడిచినచో ఏ పేరును సహాయము చేయజాలదు.

పేరు లేని సంపుటములకు సంఖ్యయే ప్రాణము. 14 అనుటకు బదులు 15 అని పడినచో, చదువరి వేరొక రెండేండ్ల పుటలను త్రిప్పుచుండును. ఇంకొక చిక్కు కూడ కలదు. ఈ సంపుటముల సంఖ్యలు రోమను అంకెలలో అచ్చయినవి. రోమను లెక్కలో పదునాలుగునకు పది తరువాత ఒకటి, దాని తరువాత అయిదు గుర్తులు వచ్చును. ఒకటి, అయిదు తారుమారైనచో అది పదునారగును. ప్రతి వ్రాయువాని చేయి ఒక అక్షరమంత జారినచో శాసనము రెండు సంపుటములు దాటిపోవును. కావున రోమను అంకెలు చూచి వ్రాసికొనునపుడు వెంటనే మన అంకెలలో కూడ వ్రాసి, సంపుటపు సంవత్సరములను ప్రక్కన చేర్చుట క్షేమము. సంఖ్య తప్పినను సంవత్సరము పట్టియిచ్చును. సంవత్సరము తప్పినను సంఖ్య పట్టియిచ్చును.

భాషను బట్టి, జిల్లాను బట్టి

ఇక ఆదోని సీమలోని తరువాతి కాలపు శాసనముల మాట. సాతవాహనుల తరువాత ఈ నేలను కల్యాణి చాళుక్యులు, పిదప విజయనగర రాజులు పాలించిరి. పెద్దతుంబళము వంటి గ్రామములలో చాళుక్యుల నాటి శాసనములున్నవి. వీనికై చూడవలసినది సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ అను మహా గ్రంథమాల. దీని మొదటి సంపుటము 1890లో హుల్ట్‌ష్ సంపాదకత్వమున వెలువడినది. ఎపిగ్రాఫియా ఇండికావలె గాక, ఇందులో అనేక సంపుటములకు సంఖ్యతోపాటు పేరు కూడ ఉన్నది. ఆ పేరే ఒక్కొక్కప్పుడు దారి చూపును, ఒక్కొక్కప్పుడు దారి తప్పించును.

ఆదోని విద్యార్థి యొకడు ఈ గ్రంథమాలలో తన ఊరి శాసనములకై వెదకుచున్నాడనుకొందము. తాను తెలుగువాడు; తన జిల్లా కర్నూలు. సహజముగా అతడు 10వ సంపుటమును తీయును. దాని పేరు మద్రాసు రాజధానిలోని తెలుగు శాసనములు. జయంతి రామయ్య పంతులు, ఎన్. లక్ష్మీనారాయణరావు దీని సంపాదకులు, 1948లో వెలువడినది. సూర్యరాయాంధ్ర నిఘంటువు మూలమున తెలుగు ఉపాధ్యాయులందరకును పరిచితులైన రామయ్య పంతులుగారే వీరు. సంపుటము వెలువడునాటికి వారు గతించి ఏడేండ్లయినది. విద్యార్థి ఆ సంపుటమున కర్నూలు జిల్లా శాసనములను ఒక్కొక్కటిగా చూచును. తన సీమ గ్రామములకై ఎంత వెదకినను ఫలితము కానరాదు. అంతట ఆదోని ప్రాంతమున చెప్పదగిన శాసనములు లేవని తన వ్యాసమున వ్రాసివేయును. ఉపాధ్యాయుడు దానిని దిద్దడు. ఏలయన అతడును ఆ సంపుటమునే చూచియుండును.

ఇచ్చట రెండు తప్పులు కలిసినవి. మొదటిది జిల్లాను గూర్చినది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడు వరకు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో నుండెను. ఎమ్మిగనూరు ఆ తాలూకాలోని పట్టణమే. ఆ దినమున ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు వచ్చినవి. వానిలో ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో చేరగా, రాయదుర్గము అనంతపురము జిల్లాలో చేరినది. కావున 1953కు పూర్వము అచ్చయిన ఏ సంపుటమునందైనను ఆదోని, ఎమ్మిగనూరు గ్రామములు బళ్లారి జిల్లా క్రిందనే ఉండును. మ్యాకదోని కూడ సుక్‌థంకర్ వ్యాసమున బళ్లారి జిల్లా గ్రామమే. శిల కదలలేదు, జిల్లా కదలినది. ఆ తరువాత 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. నేటి మండలముల పేర్లతో పాత సూచికలు చూచువానికి ఇది మరియొక అడ్డు.

రెండవ తప్పు భాషను గూర్చినది. ఈ సీమ తెలుగు కన్నడములు కలసి మెలసి యున్న సీమ. చాళుక్యుల నాటి శాసనములు ఇచ్చట చాల వరకు కన్నడములోనివి. విజయనగర కాలమున రెండు భాషలును కనబడును. గ్రంథమాల సంపాదకులు మద్రాసు రాజధాని శాసనములను విభజించినపుడు జిల్లాను గాక భాషను ప్రమాణముగా గైకొనిరి. దానిచేత ఒకే గ్రామమున, ఒకే గుడి గోడపై ఉన్న రెండు శాసనములు రెండు వేర్వేరు సంపుటములకు పోవచ్చును. ఆదోని సీమ కన్నడ శాసనములకై చూడవలసినది 10వ సంపుటము కాదు, 9వ సంపుటము. దాని పేరు మద్రాసు రాజధానిలోని కన్నడ శాసనములు. విజయనగర రాజుల తెలుగు శాసనములకు మరల వేరొక సంపుటమున్నది. అది 16వది, హెచ్. కె. నరసింహస్వామి సంపాదకత్వమున 1972లో వెలువడినది. తెలుగు శాసనముల సంపుటమును మాత్రమే తీసిన విద్యార్థి తన సీమ చరిత్రలో సగమునకుపైగా తన చేతితోనే కొట్టివేసికొన్నట్లు.

సంపుటము వేరు, భాగము వేరు

9వ సంపుటము తీసినను పని తీరదు. అది ఒక్క పుస్తకము కాదు, రెండు. మొదటి భాగము 1939లో, రెండవ భాగము 1941లో వెలువడినవి. మొదటి భాగమున విజయనగరమునకు పూర్వపు రాజవంశముల శాసనములు, రెండవ భాగమున విజయనగర శాసనములు ఉన్నవి. బీరువాలో రెండు పుస్తకములున్నవి గదా యని కొందరు వానిని 9, 10 సంపుటములుగా లెక్కింతురు. అప్పుడు నిజమైన 10వ సంపుటము 11వది యగును, ఆపైన వరుస అంతయు ఒక్కొక్క మెట్టు జరుగును.

సంపుటము సంపాదకుని ఆలోచనలోని విభాగము. భాగము తరచుగా బైండు పనివాని సౌకర్యమునకో, అచ్చుకూటపు ఆలస్యమునకో తలయొగ్గిన విభాగము. దీనిని తెలిసికొను ఉపాయమొకటి కలదు. శాసనముల వరుస సంఖ్యలను చూడవలెను. 9వ సంపుటమున మొదటి భాగము ముగిసిన సంఖ్య తరువాతి సంఖ్యతోనే రెండవ భాగము ప్రారంభమగును. సంఖ్య తెగకుండ సాగినచో అది ఒకే సంపుటము, రెండు భాగములు. క్రొత్తగా ఒకటితో మొదలైనచో క్రొత్త సంపుటమేమో యని అనుమానించి ముఖపత్రము చూడవలెను. ఈ గ్రంథమాలను ఉదాహరించు పండితులు పుటసంఖ్యకంటె శాసనసంఖ్యను ఎక్కువగా వాడుటకు కారణము కూడ ఇదియే. పునర్ముద్రణమున పుట మారవచ్చును, శాసనసంఖ్య మారదు. అయితే ఒక జాగ్రత్త. శాఖవారి వార్షిక నివేదికలలో అదే శాసనమునకు వేరొక సంఖ్య, సేకరించిన సంవత్సరముతో కూడి యుండును. రెండు సంఖ్యలును నిజమైనవే. దేనిని ఏ గ్రంథము పేరుతో వ్రాయుచున్నామో అది స్పష్టముగా ఉండవలెను.

9వ సంపుటము మొదటి భాగపు సంపాదకులలో లక్ష్మీనారాయణరావుతోపాటు ఆర్. శామశాస్త్రి ఒకరు. కౌటిల్యుని అర్థశాస్త్రమును లోకమునకు వెల్లడించిన మైసూరు పండితుడు ఈయనయే. ఆ అర్థశాస్త్రము 1909లో మైసూరు ప్రభుత్వ ప్రాచ్య గ్రంథాలయపు సంస్కృత గ్రంథమాలలో 37వ గ్రంథముగా వెలువడినది. ఒకే పండితుని పేరు ముఖపత్రమున ఉన్న ఈ రెండు పుస్తకములను ప్రక్క ప్రక్కన పెట్టి చూచినచో గ్రంథమాలసంఖ్యకును సంపుటసంఖ్యకును గల భేదము తేటపడును. అర్థశాస్త్రము 37వది యనగా దానికి ముందు 36 అర్థశాస్త్ర సంపుటములున్నవని కాదు. వేర్వేరు గ్రంథములను ఒకే సంస్థ ఒకే వరుసలో గ్రుచ్చినది; హారములో 37వ పూస ఇది. ఒక్క పూసను తీసి చదివినను అర్థము లోపింపదు. శాసన సంపుటము సంగతి అట్లు కాదు. 9వ సంపుటము రెండవ భాగము అసంపూర్ణమైన శరీరము. మొదటి భాగము లేనిదే దాని సంఖ్యలకు మొదలు తెలియదు. అర్థశాస్త్రమును 37వ సంపుటమని వ్రాయుట, శాసన సంపుటమును గ్రంథమాలలో తొమ్మిదవ పుస్తకమని వ్రాయుట, రెండును ఒకే జాతి తప్పులు.

ఒక్కొక్క పుస్తకమునకు రెండు సంఖ్యలును ఉండుట కలదు. ఈ శాసన గ్రంథమాలలోనే 11వ సంపుటమునకు బొంబాయి కర్ణాటక శాసనములు, మొదటి సంపుటము అను పేరు కూడ ఉన్నది. దానికి రెండవ సంపుటము ప్రధాన వరుసలో 12వది కాదు, 15వది. మధ్యనున్న 12వది పల్లవ శాసనములకు, 13వది చోళ శాసనములకు, 14వది పాండ్య శాసనములకు చెందినవి. ఒకే పుస్తకముపై 15 అనియు, 2 అనియు కనబడినపుడు ఏది తప్పో యని తికమకపడ నక్కరలేదు. పెద్ద వరుసలో అది 15, చిన్న వరుసలో 2. వ్రాయునపుడు పెద్ద వరుస పేరు ప్రక్కన 15, చిన్న వరుస పేరు ప్రక్కన 2 ఉండిన చాలును. సంఖ్యను దాని పేరునుండి విడదీసినపుడే ప్రమాదము.

సంఖ్యల వరుస, సంవత్సరముల వరుస

సంపుటములను బీరువాలో సర్దునపుడు విద్యార్థులు తరచుగా ముద్రణ సంవత్సరమును బట్టి సర్దుదురు. ముందు అచ్చయినది ముందు ఉండుట న్యాయమే గదా యని తోచును. కాని ఈ గ్రంథమాల ఆ న్యాయమును పాటింపలేదు. 3వ సంపుటము నాలుగు భాగములలో వెలువడినది. మొదటి భాగము 1899లో, చివరి భాగము 1929లో. ఆ ముప్పది యేండ్ల నడుమ 4, 5, 6 సంపుటములు బయటికి వచ్చివేసినవి. 17వ సంపుటము 1964లో రాగా, దానికి ముందుండవలసిన 16వది 1972లో వచ్చినది. సంవత్సరముల వరుసలో చూచువానికి మధ్యకాలమున 16వ సంపుటము లేనట్లే తోచియుండును. దానిని ఎన్నటికిని రానిదిగా భావించినవారును ఉండవచ్చును.

కార్పస్ ఇన్‌స్క్రిప్షనం ఇండికారం అను మరియొక మహా గ్రంథమున ఈ వింత ఇంకను స్పష్టము. అశోకుని శాసనముల మొదటి సంపుటము 1877లో కన్నింగుహాం ప్రకటించెను. గుప్తుల శాసనముల 3వ సంపుటము ఫ్లీట్ సంపాదకత్వమున 1888లో వచ్చినది. 2వ సంపుటము మొదటి భాగము, ఖరోష్ఠీ శాసనములది, స్టెన్ కోనో సంపాదకత్వమున 1929లో వచ్చినది. మూడవదానికి నలువదియొక్క యేండ్ల తరువాత రెండవది! సంఖ్యను నిర్ణయించినది విషయపు కాలక్రమము. సంవత్సరమును నిర్ణయించినది పండితుని తీరిక, ఆధారముల లభ్యత. రెంటికిని పొందిక కుదరవలెనను నియమము లేదు.

ఈ గ్రంథముననే కర్నూలు జిల్లావారు గమనింపదగిన సంగతి మరియొకటి కలదు. అశోక సంపుటమును హుల్ట్‌ష్ తిరిగి పరిష్కరించి 1925లో ప్రకటించెను. పత్తికొండ ప్రాంతమున ఎఱ్ఱగుడి వద్ద అశోకుని శాసనములు 1929లో వెలుగులోనికి వచ్చినవి. కావున అశోకుని శాసనములన్నియు ఉన్నవని ఎంచబడు ఆ మొదటి సంపుటమున ఎఱ్ఱగుడి లేదు. సంపుటము పూర్తియైనదనగా విషయము పూర్తియైనదని కాదు. ముద్రణ సంవత్సరము సంపుటమునకు పొలిమేర రాయి వంటిది. దాని కావల దొరికినదానికై ఇంకొక గ్రంథము వెదకవలెను.

మ్యాకదోని శాసనమును చదివిన సుక్‌థంకర్ జీవితమే ఈ పాఠమునకు చక్కని ముగింపు. వారు పిదప పూనాలోని భాండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థలో మహాభారత సంశోధిత ముద్రణమునకు ప్రధాన సంపాదకులైరి. వందలకొలది వ్రాతప్రతులను సరిచూచి పాఠమును నిర్ణయించు ఆ మహాకార్యము వారి మరణానంతరము 1966లో ముగిసినది. పర్వములు పదునెనిమిది, సంపుటములు పందొమ్మిది. ఆరణ్యకపర్వము 3, 4 సంపుటములను రెంటిని ఆక్రమించినది. కావున నాల్గవ పర్వమైన విరాటపర్వము 5వ సంపుటము, అయిదవదైన ఉద్యోగపర్వము 6వ సంపుటము. పర్వసంఖ్యనే సంపుటసంఖ్యగా వ్రాయువాడు ఆరణ్యకము దాటిన వెంటనే ఒకటి తక్కువ వ్రాయును.

వెలువడిన క్రమము వేరు. ఆదిపర్వము సుక్‌థంకర్ సంపాదకత్వమున 1933లో పూర్తియైనది. విరాటపర్వము రఘువీర సంపాదకత్వమున 1936లో, ఉద్యోగపర్వము ఎస్. కె. దే సంపాదకత్వమున 1940లో, ఆరణ్యకపర్వము మరల సుక్‌థంకర్ సంపాదకత్వమున 1942లో వచ్చినవి. రెండవదైన సభాపర్వము అమెరికా పండితుడు ఫ్రాంక్లిన్ ఎడ్గర్టన్ సంపాదకత్వమున 1944లో వచ్చినది. అచ్చుకూటమును నమ్మినచో ద్యూతమునకు పూర్వమే అజ్ఞాతవాసము జరిగినదనవలెను! బీరువాలో మాత్రము కథాక్రమమే శాసించును. ఇచ్చట సంపాదకులు రెండు అంతస్తులలో ఉన్నారు. మొత్తము కార్యమునకు ప్రధాన సంపాదకుడు సుక్‌థంకర్, వారి తరువాత బేల్వల్కర్, పిదప పి. ఎల్. వైద్య. ఒక్కొక్క పర్వమునకు దాని సంపాదకుడు వేరు. సభాపర్వ పాఠమును గూర్చి చెప్పునపుడు ఎడ్గర్టన్ పేరు ముందుండవలెను. ప్రధాన సంపాదకుని పేరు గ్రంథమాల పేరు ప్రక్కన ఉండవలెను. తారుమారు చేసినచో ఎపిగ్రాఫియా ఇండికాలో థామస్‌కు జరిగినదే ఇక్కడను జరుగును.

ఇన్ని చిక్కులకు విరుగుడు ఒక్కటే: పుస్తకపు వీపును గాక ముఖపత్రమును చూచుట. బైండు చేయువాడు వీపుపై చోటు చాలక భాగసంఖ్యను విడుచును. సంపుటసంఖ్యను మాత్రము వేయును. నేడు ఈ సంపుటములలో అనేకము ఛాయాప్రతులుగా కంప్యూటరుపై చదువుటకు దొరకుచున్నవి. ఆ ప్రతులకు పేరు పెట్టినవారు కూడ బైండు పనివాని త్రోవనే త్రొక్కి భాగసంఖ్యను విడుచుట సామాన్యము. ఏ రూపమున చదివినను ముఖపత్రమున్న పుటను తెరచి క్రమముగా వ్రాసికొనవలెను: వ్యాసమో శాసనమో చదివినవారి పేరు, దాని పేరు, పెద్ద గ్రంథము పేరు, సంపుటసంఖ్య, భాగమున్నచో భాగసంఖ్య, ఆ సంపుటమునకు వేరు పేరున్నచో ఆ పేరు, సంపాదకుని పేరు, సంవత్సరము, చివర పుటయో శాసనసంఖ్యయో. పెద్దదానినుండి చిన్నదానికి దిగు మెట్లవరుస ఇది. నడుమ మెట్టు తప్పినచో చదువరి క్రిందపడును.

ఆదోని విద్యార్థి తన వ్యాసమున సాంబుని చెరువును గూర్చి వ్రాసినపుడు క్రింద వ్రాయవలసినది ఇంతే: వి. ఎస్. సుక్‌థంకర్, సిరి పుళుమావి నూతన ఆంధ్ర శాసనము, ఎపిగ్రాఫియా ఇండికా, 14వ సంపుటము, సంపాదకుడు ఎఫ్. డబ్ల్యు. థామస్, 1917-18, 153వ పుట మొదలు. దానికి ఒక్క మాట చేర్చవలెను: గ్రంథమున బళ్లారి జిల్లా, ఆదోని తాలూకా అని యున్నది; నేడు కర్నూలు జిల్లా. ఈ చిన్న పంక్తి వ్రాసిన విద్యార్థి వెనుక వచ్చు మరియొక విద్యార్థి, కర్నూలు క్రింద వెదకి దొరకలేదని తిరిగిపోడు. తిన్నగా 14వ సంపుటము తీసి, 153వ పుట తెరచి, వేపురకమున చెరువు త్రవ్వించిన సాంబుని పేరు చదువును.